సారాంశం ముందే ఇచ్చేస్తే లోపల ఎవరు చదువుతారు?

ఉద్దానం వాసి: ఉద్దానంలో తాగునీటి బావులపై మా బృందం 58 పేజీల నివేదిక రాసింది. మొదట ఒక పేజీ సారాంశం, ప్రతి అధ్యాయం పైన మళ్ళీ సారాంశం, లోపలంతా బులెట్లు పెట్టమంటున్నారు. ఇది ఒకే మాట మూడుసార్లు చెప్పడం కాదా?

నాగావళి గట్టు: మీ మొదటి పేజీ ఎలా ఉందో చూడాలి. మేమూ ఇలాంటిదే రాశాం. తొలి ప్రతిలో «సర్వే విధానం, ఫలితాలు, సూచనలు వివరించాం» అని ఉండేది. అది విషయసూచికే, వాక్యంగా మార్చామంతే. తర్వాత ఇలా తిరగరాశాం: «చూసిన 46 బావుల్లో 19 మే నెలాఖరుకే ఎండిపోయాయి. వాటిలో 11 చోట్ల దగ్గరలో వేరే నీటి వసతి లేదు. అక్కడికి మార్చి నుంచే ట్యాంకర్లు పంపాలని కోరుతున్నాం.» అధికారికి ఇది చాలు. అధ్యాయం పైన రాసే రెండు వాక్యాల పని వేరు. ఆ 19 ఎలా తేలిందో, ఏ పట్టికలో ఉందో అక్కడ చెప్పాలి.

విశ్రాంత గుమాస్తా, విజయనగరం: అధ్యాయం చివర ముగింపు ఉంటే సరిపోతుందండీ. బులెట్లు మాత్రం ఎన్ని ఉంటే అంత తేలిక.

నాగావళి గట్టు: గుమాస్తా గారూ, పేజీలు తిప్పుతూ పోయేవారి కన్ను శీర్షిక దగ్గర ఆగుతుంది, అధ్యాయం చివర ఆగదు. బులెట్ల విషయంలో సగం ఒప్పుకుంటాను. ఊళ్ల పేర్లకు బాగుంటాయి. కానీ «లోతు తక్కువ», «పక్కనే బోర్లు», «వాన లేదు» అని మూడు ముక్కలు చేస్తే దేనివల్ల ఏది జరిగిందో పోతుంది. కారణం చెప్పేచోట పేరా రాయాల్సిందే.

బొబ్బిలి పాఠకురాలు: ముందుమాటలో సర్పంచి గారికి కృతజ్ఞతలు ఉండాలా? మా అబ్బాయి ప్రాజెక్టుకు అడుగుతున్నాను.

జీడితోట: ఉండొచ్చమ్మా, కానీ ఇక్కడి చర్చ వేరు. మా నివేదిక నలుగురం రాశాం. ఒకరిది చుక్క, ఒకరిది గీత, ఒకరిది నలుపు చదరం, నాది టిక్కు గుర్తు. చదివిన అధికారి «టిక్కు ఉన్నవి పూర్తయిన పనులా?» అని అడిగారు. అప్పుడు చేత్తో పెట్టిన గుర్తులన్నీ తీసేసి, వర్డ్‌లో అన్నింటికీ List Bullet స్టైల్ ఇచ్చాం. ఇప్పుడు Modify లో ఒకసారి మారిస్తే నివేదికంతా మారుతుంది. వరుసక్రమం ముఖ్యమైన చోటే అంకెలు వాడాం.

నాగావళి గట్టు: అంతకంటే పెద్ద దెబ్బ మాకు ఇంకోటి తగిలింది. ఆఖరి వారంలో మరో రెండు బావులు ఎండాయి. పట్టికలో 21 అని దిద్దాం, మొదటి పేజీలో 19 అలాగే ఉండిపోయింది. సమావేశమంతా ఆ తేడా మీదే గడిచింది. ఇప్పుడైతే పట్టికలోని అంకెకు Bookmark పెట్టి, సారాంశంలోకి Cross-reference తో తెస్తున్నాం. అంకె దిద్దేటప్పుడు ఆ Bookmark చెరిగిపోకుండా చూసుకుని, పంపేముందు Ctrl+A, F9 నొక్కితే కొత్త అంకె వచ్చేస్తుంది. చుట్టూ ఉన్న వాక్యాన్ని మాత్రం మనమే చదువుకోవాలి.

ఉద్దానం వాసి: అంకెల సంగతి ఒప్పుకున్నాను. మరి 31వ పేజీలో ఒక ముసలావిడ రాత్రి రెండింటికి బిందెతో వరుసలో నిలబడే సంగతి ఉంది. అది ఏ సారాంశంలోకీ ఎక్కడం లేదు.

విశ్రాంత గుమాస్తా, విజయనగరం: ఎక్కనక్కర్లేదు. నివేదికలో కథలెందుకు?

జీడితోట: నేనైతే మీ మొదటి పేజీలో ఎండిన బావుల అంకె పక్కనే ఆవిడ సంగతి ఒక వాక్యంగా పెడతాను, ఎవరేమనుకున్నా సరే.