అప్‌డేట్: గ్రాఫ్ ఫోటోలోని సరళరేఖ సమీకరణం

నేను అడిగింది: వంకరగా తీసిన గ్రాఫ్ ఫోటోలో A, B గుండా పోయే రేఖ సమీకరణం ఎలా రాయాలి? C గుండా దానికి సమాంతర, లంబ రేఖలు కూడా కావాలి.

లెక్క తేలింది. ఫోటో మీద కోణమానిని పెట్టి లాభం లేదు, గళ్లు లెక్కపెట్టి బిందువులు చదవాలి. ఇందులో అడ్డంగా ఒక గడి 1, నిలువుగా ఒక గడి 2. అలా చదివితే A(−2, 2), B(4, 14). గళ్లలో చూస్తే 6 పక్కకి, 6 పైకి, కాబట్టి వాలు 1 అనిపిస్తుంది. అసలు విలువల్లో అది 12/6 = 2. A ని ప్రతిక్షేపిస్తే y = 2x + 6 వచ్చింది, B తో సరిచూస్తే సరిపోయింది.

C(4, 0) గుండా సమాంతర రేఖకు అదే వాలు: y = 2x − 8. లంబరేఖకు వాలుల లబ్ధం −1 కావాలి కాబట్టి వాలు −1/2, సమీకరణం y = −x/2 + 2. దీన్ని అదే గ్రాఫ్ మీద గీస్తే 90 డిగ్రీలు కనిపించదు. టెన్షన్ పడక్కర్లేదు, రెండు అక్షాల స్కేలు వేరు కావడం వల్లే అలా కనిపిస్తుంది.