గ్రూపు మెసేజ్‌ని పద్ధతైన నోటీసుగా మార్చడం ఎలా? మెయింటెనెన్స్ బకాయిల దగ్గర ఆగిపోయాను

మా అసోసియేషన్‌లో ఏదైనా గ్రూపులోనే చెప్పేస్తారు. వాటిని బోర్డుకీ ఫైలుకీ పనికొచ్చే నోటీసులుగా రాసే పని నాకు అప్పగించారు. మొన్నటి మెసేజ్ ఇది:

"రేపు ట్యాంక్ కడుగుతారు, నీళ్లు పట్టి పెట్టుకోండి. మెయింటెనెన్స్ ఇవ్వనివాళ్లు కాస్త త్వరగా ఇవ్వండి ప్లీజ్."

దీన్ని రెండు నోటీసులు చేశాను. ఒకే కాగితం మీద ఉంటే, డబ్బు కట్టలేదనే నీళ్లు ఆపారని గొడవ మొదలవుతుంది. బోర్డు మీద "రేపు" అంటే ఎప్పటికీ రేపే కాబట్టి తేదీ, వేళ వేశాను:

"విషయం: ట్యాంకు శుభ్రపరచడం. 14వ తేదీ ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు ఎ, బి బ్లాకులకు నీటి సరఫరా ఉండదు. అవసరమైన నీటిని ముందుగా నిల్వ చేసుకోగలరు. పని ఆలస్యమైతే ఇదే బోర్డుపై తెలియజేస్తాం. – కార్యదర్శి"

ఇది ఫర్వాలేదనుకుంటున్నా. చిక్కంతా రెండోదానితోనే:

"ఈ నెల మెయింటెనెన్స్ బకాయి ఉన్న సభ్యులు 20వ తేదీలోగా చెల్లించవలసిందిగా కోరుతున్నాం. ఇప్పటికే చెల్లించినవారు రసీదు చూపి ఖాతా సరిచేయించుకోగలరు."

గడువు దాటితే ఏమవుతుందో కూడా రాయమంటున్నారు. "తగిన చర్య తీసుకోబడును" అంటే బెదిరింపులా ఉంది, పైగా ఆ చర్య ఏమిటో ఎవరికీ తెలియదు. ఆలస్య రుసుముకి సర్వసభ్య సమావేశం తీర్మానం ఉంది. దాని తేదీని నోటీసులో ఎలా ప్రస్తావించాలి? బకాయి ఫ్లాట్ల నంబర్లు బోర్డు మీద పెట్టకుండా విడిగా లేఖలు ఇద్దామని నా ఉద్దేశం, కమిటీలో కొందరు ఒప్పుకోవడం లేదు. ఇలాంటి నోటీసులు రాసినవాళ్లు ఆ చివరి వాక్యం ఎలా రాశారో చెప్పగలరా?