ఒక్క లాట్‌కే ఒక శాతం దాటిపోతుంటే నియమాన్ని సడలించవచ్చా?

పటమట, విజయవాడ (ప్రశ్న): నాకు విదేశీ సంస్థ నుంచి ప్రతి నెలా డాలర్లలో ఫీజు వస్తుంది. అందుకే డాలర్-రూపాయి ఫ్యూచర్స్‌లో అమ్మకం వైపే ట్రేడ్ చేస్తాను. ఖాతాలో 60,000 రూపాయలు ఉన్నాయి. ఒక్క ట్రేడ్‌లో ఖాతాలో ఒక శాతానికి మించి పోగొట్టుకోకూడదన్నది నేను పాటించే నియమం, అంటే 600. నా స్టాప్‌లాస్ 70 పైసల దూరంలో ఉంటుంది కాబట్టి ఒక్క లాట్‌కే 700 పోతుంది. చిన్న ఖాతాకు ఐదు శాతం పెట్టాలని మిత్రుడు అంటున్నాడు. ఏది సరైనది?

లబ్బీపేట: ఇందులో చిక్కేమీ లేదండీ. లాట్ 1,000 డాలర్లది, పైసా కదిలితే పది రూపాయలు. స్టాప్‌ను 50 పైసలకు జరిపితే నష్టం 500 అవుతుంది, నియమమూ నిలుస్తుంది.

బ్రాడీపేట, గుంటూరు: లబ్బీపేట గారి లెక్క సరైనదే గాని, వరుస తలకిందులైంది. మీ అంచనా తప్పిందని ధర ఏ స్థాయిలో రుజువు చేస్తుందో అక్కడ స్టాప్ ఉండాలి. ఆ దూరాన్ని బట్టి లాట్లు తేలాలి. లాట్ సరిపోవడం కోసం స్టాప్‌ను దగ్గరికి లాగితే, మామూలు ఊగిసలాటకే అది తగిలి, అంచనా సరైనదైనా మీరు బయట ఉంటారు. ఇలా జరుగుతోందని తెలుసుకోవడం కష్టం కాదు: స్టాప్ తగిలిన ట్రేడ్లన్నింటినీ పుస్తకంలో రాసి, ఆ తరువాత ధర మీరు అనుకున్న వైపే ఎన్నిసార్లు వెళ్లిందో చూడండి. నేను అలా రాసుకున్న ఏడాదిలోనే నా స్టాప్‌లు ఎంత ఇరుకుగా ఉన్నాయో నాకు అర్థమైంది.

ఇక ఐదు శాతం సంగతి. 3,000 రూపాయలకు నాలుగు లాట్లు వస్తాయి. వరుసగా ఎనిమిది నష్టాలు వచ్చాయనుకోండి, అది అరుదేమీ కాదు. ఖాతా తగ్గేకొద్దీ నాలుగు నుంచి మూడు లాట్లకు దిగుతూ వచ్చినా చివరికి 41,800 మిగులుతుంది. మళ్లీ 60,000కు చేరాలంటే దాదాపు 44 శాతం సంపాదించాలి. అవే ఎనిమిది నష్టాలు ఒక్కో లాట్‌తో వస్తే 54,400 ఉంటుంది, పది శాతం చాలు. మీ మిత్రుడు బహుశా మార్జిన్ ఎన్ని లాట్లకు సరిపోతుందో చూసి చెప్పి ఉంటారు. మార్జిన్ ఎక్స్ఛేంజీ తన భద్రత కోసం తీసుకునే డబ్బు, మీరు ఎంత పోగొట్టుకోగలరో అది చెప్పదు.

మిర్చి ఎగుమతిదారు, గుంటూరు: నాకు రెండు నెలల్లో 40,000 డాలర్లు రావాలి, అందుకు 40 లాట్లు అమ్మాను. మీరు చెప్పే ఒక శాతం ప్రకారం నేను రెండు మూడు లాట్లే అమ్మాలా?

బ్రాడీపేట: లేదండీ, మీది వేరే లెక్క. ఫ్యూచర్స్‌లో పోయినది డాలర్లు చేతికి వచ్చినప్పుడు రూపాయల్లో తిరిగి వస్తుంది కాబట్టి, మీ పరిమాణాన్ని నిర్ణయించేది బిల్లు. అయితే డాలర్ ఒక్క రూపాయి పెరిగితే 40,000 రూపాయలు రోజువారీ సర్దుబాటులో ముందే కట్టాలి. ఆ నగదు పక్కన ఉంచుకోండి. పటమట గారు స్టాప్ దగ్గర బయటపడతారు, ఆ తరువాత వారికి రక్షణ ఉండదు. అందుకే వారిది ట్రేడ్ అంటున్నాను.

అరండల్‌పేట: నాదొక అభ్యంతరం. సాయంత్రం ఐదుకు మార్కెట్ మూసి మరునాడు తొమ్మిదికి డాలర్ 1 రూపాయి 20 పైసలు పెరిగి తెరుచుకుంటే స్టాప్ ఏం చేస్తుంది? 700 అనుకున్నది 1,200 అవుతుంది, అంటే రెండు శాతం. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంక్‌ల కనీస స్థాయిని వదిలేసినప్పుడు ధర నిమిషాల్లో 1 కంటే దిగువకు పడింది. మధ్యలో స్టాప్ పెట్టుకున్నవారికి ఆ ధర దొరకలేదు.

బ్రాడీపేట: ఒప్పుకుంటాను. ఈ శాతం స్టాప్ ధర దొరికినంత వరకే నిజం. ఎక్కువ లాట్లు ఉన్నవారు రాత్రికి సగం తగ్గించుకోవచ్చు, ఒక్క లాట్‌ను సగం చేయలేము. పటమట గారికి నా సలహా: ఒకటిన్నర శాతాన్ని పరిమితిగా ఇప్పుడే రాసుకోండి, ట్రేడ్‌కొకసారి మార్చకండి. అప్పుడు ఒక్క లాట్ 1.17 శాతంతో ఇముడుతుంది. ఖాతా సుమారు 46,700 కంటే తగ్గిన రోజున 70 పైసల స్టాప్‌తో ఒక్క లాట్‌కు కూడా చోటు లేదు, అక్కడ ఆగాలి.

అరండల్‌పేట: రాత్రి ఉంచుకునే ట్రేడ్‌కు ఒకటిన్నర కూడా ఎక్కువే అంటాను. ఇంత ఖాతాతో సాయంత్రం ఐదు లోపు ముగించడమే మేలు.

బ్రాడీపేట: రోజులోనే ముగించేవారికి 70 పైసల స్టాప్ అవసరమే లేదు కదండీ. అది వేరే పద్ధతి అవుతుంది, దానికి వేరే రికార్డు కావాలి.

పటమట: గత ట్రేడ్లు 23 ఉన్నాయి. స్టాప్ తగిలినవన్నీ విడిగా తీసి, రాత్రి దాటినవి ఎన్నో చూసి, ఆదివారం ఇక్కడే రాస్తాను. అంతవరకు ఒక్క లాట్ కూడా అమ్మను.