కనిగిరి పల్లెల్లో ఆర్వో మెషీన్లు ఎన్ని పోతాయి? 2011 లెక్కలు, 30 ఇళ్లు చాలవా?

ఒంగోలు డీలర్: ఆర్వో మెషీన్ల డీలర్‌షిప్ తీసుకుంటున్నాను. కనిగిరి వైపు పల్లెల్లో ఏడాదికి ఎన్ని పోతాయో కంపెనీకి రాసివ్వాలి. లెక్క తేలిగ్గా ఉండటానికి 10,000 ఇళ్లు అనుకోండి. 2011 జనాభా లెక్కల్లో బోరు, చేతిపంపు నీళ్లు వాడే ఇళ్లు ఉన్నాయి. రెండు ఊళ్లు తిరిగి 30 ఇళ్లలో అడిగితే ముగ్గురు ‘కొంటాం’ అన్నారు. అంటే పది శాతం, 1,000 మెషీన్లు. ఈ పద్ధతి తప్పంటున్నాడు మా బావమరిది. మీరేమంటారు?

లెక్కల మాస్టారు: తప్పేం లేదండీ. 2011 ఇళ్లకు ఏడాదికింత అని పెరుగుదల కలిపి, మీ పది శాతంతో గుణించండి. ఫ్లోరైడ్ ఉన్న చోట ఫిల్టరు అవసరం ఎవరికి లేదు?

పల్లె సర్వే: మాస్టారూ, ఇళ్ల సంఖ్యకు 2011 పనికొస్తుంది. అప్పటి ప్రకాశంలో చీరాల కూడా ఉంది కాబట్టి జిల్లా మొత్తం కాకుండా మండలాల వారీగా తీసుకోవాలి, అంతే. చిక్కు నీటి వివరాల్లో ఉంది. ఆ ఫారంలో కుళాయి, బావి, చేతిపంపు, బోరు, చెరువు లాంటివే ఉన్నాయి. ఊళ్లో వాటర్ ప్లాంట్ నుంచి క్యాన్ తెచ్చుకునేవాళ్లకు విడిగా గడే లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కమ్యూనిటీ ఆర్వో ప్లాంట్ అని ఉంది కానీ, దాన్ని ‘మెరుగైన నీటి వనరు’ కిందే కలిపేస్తారు. ఆ మొత్తం శాతం చూసి బోరెంతో, క్యానెంతో చెప్పలేం.

డీలర్ గారూ, మీ పోటీ బోరుతో కాదు, క్యానుతో. ముప్పైలో ముగ్గురంటే అసలు సంఖ్య రెండు శాతమూ కావచ్చు, ఇరవై ఆరూ కావచ్చు. అంటే 200 నుంచి 2,600. అదీ ఇళ్లను చీటీలేసి ఎంచినట్టు ఎంచితేనే. మీరు బస్టాండు పక్క వీధిలో అడిగి ఉంటే ఇంకా అధ్వానం.

పామూరు కుర్రాడు: అన్నా, మా బోరు టీడీఎస్ 900 వస్తోంది. యూవీ మెషీన్ చాలా, ఆర్వో కావాలా?

పల్లె సర్వే: తమ్ముడూ, యూవీ క్రిముల్ని చంపుతుంది గానీ ఉప్పునీ ఫ్లోరైడ్‌నీ తీయదు. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పదు, అది ల్యాబ్‌లో చూపించు. మిగతాది వేరే చర్చలో అడుగు.

ఒంగోలు డీలర్: బస్టాండు వీధే, నిజమే. అయితే ఊళ్లు తిరగడం దండగేనా?

పల్లె సర్వే: దండగ కాదు. శాతం కోసం తిరగొద్దంటున్నాను. ‘కొంటారా’ అని అడిగితే ఇంటికొచ్చినవాణ్ణి కాదనలేక ఔనంటారు. దాని బదులు ప్లాంట్ దగ్గర ఒక పూట కూర్చోండి. 600 ఇళ్ల ఊరనుకోండి. రోజుకు 180 క్యాన్లు పోతూ, ఇంటికి రెండు రోజులకొకటి చొప్పున వాడితే 360 ఇళ్లు అప్పుడే నీళ్లకు డబ్బు కడుతున్నట్టు. హోటళ్లకు, పక్కూళ్లకు పోయేవి ముందు తీసేయండి.

ఇప్పుడు ఖర్చు చూడండి. క్యాన్ 7 రూపాయలైతే నెలకు 15 క్యాన్లకు 105, ఏడాదికి 1,260. మెషీన్ ధర పక్కన పెట్టినా ఫిల్టర్లకూ మెంబ్రేన్‌కూ ఏడాదికి 2,500 అవుతుందంటే ఆ ఇల్లు ఎందుకు మారుతుంది? ఆ 360 ఇళ్లలో ఎక్కువ భాగం మీ లెక్కలోంచి పోతాయి.

కనిగిరి మెకానిక్: కాగితం మీద సరే. మా దగ్గర ఆటోలో ఇంటికి తెచ్చిస్తే క్యాన్ 15. ఏడాదికి 2,700 అవుతుంది, మీ ఫిల్టర్ల ఖర్చుకు దాదాపు సమానం. క్యాన్ మోయలేని ముసలోళ్లున్న ఇళ్లకు, బయట ఊళ్ల నుంచి పిల్లలు డబ్బు పంపే ఇళ్లకు నేనే మెషీన్లు బిగించాను. కాకపోతే రెండో ఏడాది ఫిల్టరు మార్చమని పిలిచేది సగం మందే. మిగతావి గోడకు అలంకారం. అమ్మకాలు లెక్కేస్తారా, నడిచేవి లెక్కేస్తారా?

లెక్కల మాస్టారు: అమ్మితే అమ్మినట్టే కదా! గోడకున్నా డీలర్‌కు డబ్బొచ్చింది.

పల్లె సర్వే: మొదటి ఏడాది వచ్చింది మాస్టారూ. పనిచేయని మెషీన్ ఉన్న వీధిలో రెండోది అమ్మి చూపించండి. మెకానిక్ గారూ, ఇంటికి తెచ్చే ధర సంగతి నేను వదిలేశాను, ఒప్పుకుంటాను. అయితే ఊళ్లను ప్లాంట్ ఉన్నవి, లేనివి, ఆటో తిరిగేవి అని మూడు రకాలుగా విడదీయాలి. ఒక్కో రకంలో రెండేసి ఊళ్లు చూసి, ఏ రకం ఊళ్లు ఎన్నున్నాయో మండలమంతా ఫోన్లలో కనుక్కోవచ్చు. అప్పుడైనా వచ్చేది ఒక సంఖ్య కాదు, ‘ఇంత నుంచి ఇంత’ అనే.

ఒంగోలు డీలర్: కంపెనీ ఫారంలో ఒక్క గడే ఉందండీ. ‘ఇంత నుంచి ఇంత’ అని రాస్తే వెనక్కి పంపుతారు.

కనిగిరి మెకానిక్: కింది సంఖ్య రాయండి. స్టాకు మీ గోడౌన్‌లోనే కదా ఉండేది.

లెక్కల మాస్టారు: కిందిది రాస్తే డీలర్‌షిప్పే పక్కవాడికిస్తారు.

ఒంగోలు డీలర్: అదే నా భయం కూడా. ఆదివారం రెండు ప్లాంట్ల దగ్గర కూర్చుంటాను. ఒకాయన ఎండాకాలంలో క్యాన్లు రెట్టింపవుతాయంటున్నాడు, మరి ఏ నెల లెక్క పట్టుకోవాలి?