ఫిర్యాదు చేసినవారి పేరు ప్రతివాదికి తెలియకుండా విచారణ జరపవచ్చా?

మల్లెపందిరి (ప్రశ్న):
మా సంస్థ అంతర్గత కమిటీలోకి నన్ను ఈ మధ్యనే తీసుకున్నారు. ఒక ఉద్యోగిని లైంగిక వేధింపులపై రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. ప్రతివాది ఆమె పని చూసే మేనేజరే. "నా పేరు ఆయనకు తెలియకూడదు, మిగతాది మీరు చూసుకోండి" అని అడుగుతున్నారు. మా విధాన పత్రంలో ప్రక్రియ అంతా గోప్యమని ఉంది, ఫిర్యాదు ప్రతిని ఏడు పనిదినాల్లో ప్రతివాదికి పంపాలనీ అందులోనే ఉంది. పేరు కొట్టేసి పంపితే సరిపోతుందా?

సిబ్బంది విభాగం:
పేరు కొట్టేసి పంపడమే మంచిదని నా అభిప్రాయం. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు తెచ్చిన 2013 చట్టం 16వ సెక్షన్ ఫిర్యాదుదారు గుర్తింపును బయటపెట్టకూడదని స్పష్టంగా చెబుతోంది, బయటపెట్టిన కమిటీ సభ్యుల నుంచి 5,000 రూపాయలు వసూలు చేయవచ్చని నిబంధనల్లో ఉంది. అంతేకాదు, 90 రోజులు దాటితే ఫిర్యాదు చెల్లకుండా పోతుంది కాబట్టి ప్రతివాది అడిగే ప్రతి కాగితం ఇస్తూ కూర్చుంటే మీకు సమయం మిగలదు. ఆరోపణల సారాంశం ఒక పేజీలో రాసి పంపండి, సమాధానం తీసుకోండి, ముగించండి.

గడపదాటిన గోదారి:
నేను కొన్ని సంస్థల కమిటీల్లో బయటి సభ్యురాలిగా ఉన్నాను కాబట్టి పై సలహాలోని రెండు అంశాల గురించి చెప్పక తప్పడం లేదు. 16వ సెక్షన్ నిషేధించింది ప్రజలకు, పత్రికలకు, ఇతర ప్రసార మాధ్యమాలకు తెలియజేయడాన్ని. ప్రతివాది ఆ కోవలోకి రారు, ఆయన విచారణలో ఒక పక్షం. పైగా ఆ సెక్షన్ ఫిర్యాదుదారుతో పాటు ప్రతివాది గుర్తింపునూ సాక్షుల గుర్తింపునూ ఒకే విధంగా కాపాడుతోంది. ఇక 7వ నిబంధన ప్రకారం ఫిర్యాదుదారు ఆధారాలతోనూ సాక్షుల పేర్లు, చిరునామాలతోనూ కలిపి ఆరు ప్రతులు ఇవ్వాలి, వాటిలో ఒకదాన్ని కమిటీ ఏడు పనిదినాల్లో ప్రతివాదికి పంపాలి. మనం రాసుకున్న సారాంశం ఆ ప్రతికి బదులు కాదు.

90 రోజుల సంగతి కూడా అంతే. విచారణను 90 రోజుల్లో పూర్తి చేయాలని చట్టం చెప్పింది గానీ, దాటితే ఫిర్యాదు చెల్లదని ఎక్కడా చెప్పలేదు. ఆలస్యానికి కారణాన్ని రాతలో పెట్టుకోవాలి, అంతవరకే. ఆ భయంతో తొందరపడితే ఏమవుతుందో గోవా విశ్వవిద్యాలయం కేసులో చూశాం. 2009లో కమిటీ వరసగా సమావేశాలు పెట్టి, ప్రతివాదికి తన వాదన సిద్ధం చేసుకునే వ్యవధి ఇవ్వకుండా ముగించిన విచారణను 2023లో సుప్రీంకోర్టు పక్కన పెట్టి, తిరిగి కమిటీ దగ్గరికే పంపింది. అక్కడ ఫిర్యాదు చేసినవారికి పద్నాలుగేళ్ల తర్వాత దక్కింది మళ్లీ మొదటి మెట్టే.

రాత్రి షిఫ్ట్:
మా టీమ్ లీడర్ నన్ను అందరి ముందూ అరుస్తారు, సెలవు అడిగితే ఎగతాళి చేస్తారు. నేను పురుషుణ్ణి. మా ఆఫీసులోని కమిటీకి ఈ విధంగానే ఫిర్యాదు ఇచ్చి, పేరు దాచమని అడగవచ్చా? ఏడు రోజుల గడువు నాకూ వర్తిస్తుందా?

గడపదాటిన గోదారి:
ఇక్కడ చర్చిస్తున్న చట్టం మహిళలపై లైంగిక వేధింపులకు మాత్రమే వర్తిస్తుందండీ. మీరు చెప్పిన వేధింపులకూ పురుషుల ఫిర్యాదులకూ మీ సంస్థ సొంత విధానంలో మార్గం ఉండవచ్చు, అక్కడి గడువులు ఆ పత్రంలో ఏది రాసి ఉంటే అవే. కాగితం తెరిచి చూడండి.

పాత ప్రతివాది:
నా అనుభవం చెబుతాను, సంస్థ పేరు వద్దు. కొన్నేళ్ల క్రితం నాపై ఫిర్యాదు వచ్చింది. నాకు ఇచ్చింది ఒక పేజీ సారాంశం. అందులో "పలు సందర్భాల్లో అనుచితంగా ప్రవర్తించారు" అని ఉంది తప్ప తేదీ లేదు, చోటు లేదు, ఎవరో లేదు. రెండు రోజుల్లో సమాధానం ఇమ్మన్నారు. ఏ మాటకు సమాధానం చెప్పాలో తెలియక అన్నింటినీ ఖండిస్తూ నాలుగు పేజీలు రాశాను, ఆ తర్వాత ఆ రాత వైఖరినే నా అహంకారానికి నిదర్శనంగా నివేదికలో పెట్టారు. అప్పీలులో ఆ నివేదిక నిలవలేదు. నేను నిర్దోషినని ఇక్కడ వాదించడం లేదు. నా తప్పొప్పులు ఎవరూ తేల్చనే లేదు, అదే నా బాధ. ఫిర్యాదు చేసినవారికి కూడా అదే బాధ ఉండి ఉంటుంది.

చెట్టు నీడ:
పై అనుభవంపై నాకు సానుభూతి ఉంది, అయినా పేరు దాచడం ఎప్పుడూ అన్యాయమే అనే వాదనను ఒప్పుకోలేను. 1973లో హీరానాథ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఒక వైద్య కళాశాల విద్యార్థులు రాత్రి వేళ విద్యార్థినుల హాస్టల్ ఆవరణలోకి చొరబడ్డారన్న ఆరోపణపై, విచారణ సంఘం ఆ విద్యార్థినుల వాంగ్మూలాలను నిందితులు లేనప్పుడు తీసుకుంది, వాళ్ల పేర్లు చెప్పలేదు. కోర్టు దాన్ని సమర్థించింది. సహజ న్యాయం అన్నిచోట్లా ఒకే కొలతతో ఉండదనేది అందులోని సారం. రేపటి నుంచి అదే మేనేజరు కింద పనిచేయాల్సిన మనిషి భయాన్ని "నువ్వు ఒక పక్షం" అనే ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు సరిగా అనిపించడం లేదు.

గడపదాటిన గోదారి:
ఆ తీర్పు ఇప్పటికీ ఉదహరించదగినదే. అయితే అది 2013 చట్టానికి ముందుది, అప్పుడు ప్రతిని పంపి తీరాలనే నిబంధన లేదు. ఎదుటి పక్షం ముందు కూర్చోబెట్టకుండా వాంగ్మూలం తీసుకోవడానికి, ప్రతివాది ప్రశ్నలను రాతలో తీసుకుని కమిటీయే అడగడానికి ఆ తీర్పు స్ఫూర్తి నాకు ఉపయోగపడింది. ఫిర్యాదు ఎవరిదో దాచడానికి మాత్రం దాన్ని ఆధారం చేసుకోను. పైగా ఇక్కడ మేనేజరుకు ఒక్క సంఘటన తేదీ చెప్పగానే ఎవరో తెలిసిపోతుంది, కాబట్టి పేరు కొట్టేయడం ఆమెకు కూడా రక్షణ ఇవ్వదు.

ఆమె భయానికి చట్టంలో ఉన్న మందు 12వ సెక్షన్. ఆమె రాతపూర్వకంగా కోరితే, విచారణ నడుస్తుండగానే ఇద్దరిలో ఒకరిని బదిలీ చేయమని, ఆమెకు మామూలు సెలవులు కాకుండా మూడు నెలల వరకు సెలవు ఇవ్వమని కమిటీ యాజమాన్యానికి సిఫారసు చేయవచ్చు. 8వ నిబంధన ప్రకారం ఆమె పనితీరుపై నివేదిక గానీ రహస్య నివేదిక గానీ రాసే అధికారాన్ని ప్రతివాది నుంచి తీసి వేరొకరికి ఇవ్వమని కూడా అడగవచ్చు. కమిటీలు పొరబడేది వరసలో. ముందు ప్రతి పంపుతారు, ఆయన కోపం చూశాక ఉపశమనం గురించి ఆలోచిస్తారు.

మల్లెపందిరి గారి సందర్భాన్నే తీసుకుందాం. ఫిర్యాదు సోమవారం అందిందని, వారానికి ఐదు పనిదినాలని, మధ్యలో సెలవులు లేవని అనుకుంటే, ప్రతి పంపడానికి మరుసటి వారం బుధవారం దాకా వ్యవధి ఉంది. మంగళవారం ఆమెను పిలిచి, ప్రతి వెళ్లక తప్పదని దాచకుండా చెప్పి, కావలసిన ఉపశమనాన్ని రాతలో తీసుకోండి. గురువారానికి సిఫారసు యాజమాన్యానికి చేరాలి. పనితీరు నివేదిక రాసే బాధ్యత మారినట్టు ఉత్తర్వు వచ్చిన రోజునే లేదా ఆ మరునాడే ప్రతివాదికి ప్రతిని చేతికిచ్చి సంతకం తీసుకోండి. చివరి బుధవారం ఇచ్చినా, ఆయన సమాధానానికి పది పనిదినాలంటే ఆపై రెండు వారాల బుధవారం. ఫిర్యాదు అందిన రోజు నుంచి లెక్కించుకుంటే అప్పటికి 23 రోజులు పోయి, సాక్షులను విని నిర్ణయానికి రావడానికి 67 రోజులు మిగులుతాయి. విచారణ ముగిశాక నివేదికకు 10 రోజులు, అది అందాక యాజమాన్యం చర్యకు 60 రోజులు వేరే ఉన్నాయి. హడావిడి పడవలసిన లెక్క కాదిది. ఆమె వెనకాడి ఫిర్యాదును ఉపసంహరించుకుంటే మాత్రం వేరే గడియారం ఉంది, చివరి సంఘటన నుంచి మూడు నెలల్లో ఫిర్యాదు రావాలి, కమిటీ కారణాలు రాసి గరిష్ఠంగా మరో మూడు నెలలు పొడిగించగలదు.

మూడో సాక్షి:
మీరంతా ప్రతివాదికి ఏం తెలియాలన్న దగ్గరే ఆగిపోయారు. నేను సాక్షిగా వెళ్లినప్పుడు గోప్యత పోయింది ప్రతివాది వల్ల కాదు. సమావేశపు గది బుక్ చేసినవారు ఆఫీసు క్యాలెండర్‌లో కమిటీ పేరు, నా పేరు, సమయం పెట్టారు, అది అందరికీ కనిపించే క్యాలెండర్. మధ్యాహ్నానికి నన్ను ముగ్గురు అడిగారు. ఆ ఆరు ప్రతులు ఎక్కడ ప్రింట్ అవుతాయో ఎవరైనా ఆలోచించారా?

సిబ్బంది విభాగం:
ఇది నిజం. మా దగ్గర బయటి సభ్యురాలి ప్రయాణ ఖర్చుల బిల్లులో "ఫలానావారి ఫిర్యాదు విచారణ నిమిత్తం" అని రాసి అకౌంట్స్‌కు పంపారు. ఇప్పుడు కేసు సంఖ్య మాత్రమే వాడుతున్నాం. 90 రోజుల విషయంలో గోదారి గారు చెప్పింది చట్టం ప్రకారం సరే గానీ, గడువు గట్టిదని నమ్మకపోతే సభ్యులు సమావేశానికే రారు. కాబట్టి మా సంస్థలో దాన్ని గట్టి గడువుగానే చూపిస్తాను.

మల్లెపందిరి:
నిన్న ఆమెతో మాట్లాడాను. పేరు వెళ్తుందనగానే చాలాసేపు మౌనంగా ఉన్నారు, పనితీరు నివేదిక మరొకరు రాస్తారంటే మాత్రం ముందుకు వెళ్దామన్నారు, కోరిక రాసి ఇచ్చారు. మాకు ఇంకో చిక్కు మిగిలింది. ఆమె చెప్పిన సాక్షుల్లో ఒకరు అదే మేనేజరు కింద ప్రొబేషన్‌లో ఉన్నారు, ఆ పేరు ప్రతిలో వెళ్లిపోతుంది. 12వ సెక్షన్ ఉపశమనం బాధిత మహిళకే కదా?

గడపదాటిన గోదారి:
అవును, ఆమెకే. సాక్షి ఫోను నంబరును, ఇంటి చిరునామాను మూసి, పేరు మాత్రం ఉంచి పంపమని నేను చెబుతాను. అలా మూయడం 7వ నిబంధనకు విరుద్ధమని అభ్యంతరం చెప్పేవారూ ఉన్నారు. ప్రొబేషన్ నిర్ణయాన్ని మరొకరికి అప్పగించమని కమిటీ యాజమాన్యానికి లేఖ రాయవచ్చు, మీ సంస్థ విధానంలో సాక్షులపై ప్రతీకారం గురించి ఒక్క వాక్యం ఉన్నా దాన్ని ఆధారంగా చూపండి.

చెట్టు నీడ:
ఆ వాక్యం లేకపోతే? యాజమాన్యం కాదంటే ఆ సాక్షి పేరు పంపుతారా, మానుతారా? 1973 తీర్పు ఇక్కడైనా వర్తించదని ఎలా అంటారో గోదారి గారు చెప్పాలి.