ఫ్లోటింగ్ రేటులో ప్రభుత్వం ఖర్చు పెంచితే జాతీయాదాయం పెరుగుతుందా, పెరగదా?

తిరుపతి ఎంఏ స్టూడెంట్:
మధ్యాహ్నం నుంచి ఒకే లెక్క పట్టుకుని కూర్చున్నాను, తల పగిలిపోతోంది. మండెల్-ఫ్లెమింగ్ నమూనా, ఫ్లోటింగ్ రేటు. ప్రభుత్వ వ్యయం 500 నుంచి 600కి పెంచారు. నాకు ఆదాయం 3000 దగ్గరే ఆగిపోతోంది, రూపాయి బలపడుతోంది. గైడ్ వెనక జవాబులో మాత్రం 3133, రూపాయి బలహీనపడుతుంది అని ఉంది. క్లాసులో మాకు చెప్పింది ఫ్లోటింగ్‌లో ఖర్చు పెంచినా ఫలితం ఉండదనే కదా? పొద్దున్నే ఇంటర్నల్. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గ్రూప్ పాతకాపు:
సమీకరణాలు పెట్టు. లేకుండా ఎవరూ చెప్పలేరు.

రిటైర్డ్ లెక్చరర్, చిత్తూరు:
అసలు మన దేశానికి ఈ నమూనా అతకదు నాయనా. 1993 మార్చి నుంచి మార్కెట్ రేటు అంటున్నాం గానీ, రూపాయి మరీ ఊగితే రిజర్వ్ బ్యాంకు డాలర్లు కొంటుంది, అమ్ముతుంది. 1994లో కరెంట్ అకౌంటు వరకే పూర్తిగా తెరిచారు, పెట్టుబడుల ఖాతాకు ఇప్పటికీ ఆంక్షలున్నాయి. దీన్ని ఫ్లోటింగ్ అనడమే తప్పు.

గ్రూప్ పాతకాపు:
లెక్కలో రిజర్వ్ బ్యాంకు జోక్యం లేదు సార్.

రిటైర్డ్ లెక్చరర్, చిత్తూరు:
లెక్కలో లేకపోతే దేశంలో లేనట్టేనా?

బీకాం ఫైనల్:
సింపుల్ బ్రో. ప్రభుత్వం ఎక్కువ అప్పు చేస్తే వడ్డీ పెరుగుతుంది, ప్రైవేటు పెట్టుబడి పడిపోతుంది, అందుకే ఆదాయం పెరగదు. నీ 3000 కరెక్టే, గైడ్ తప్పు.

మామిడి పల్ప్ వ్యాపారం:
మాది చిత్తూరు దగ్గర, తోతాపురి పల్ప్ బయటికి పంపిస్తాం. ధర డాలర్లలో మాట్లాడుకుంటాం, రూపాయి బలపడితే సరుకు అంతే, చేతికొచ్చే రూపాయలు తగ్గుతాయి. ఈ సీజన్‌కి డాలరు ముందే ఫిక్స్ చేసుకోమంటారా?

తిరుపతి ఎంఏ స్టూడెంట్:
అన్నా, ఇది పరీక్ష లెక్క, ధరల సంగతి నాకు తెలీదు. సమీకరణాలు ఇవిగో:

```
C = 300 + 0.6Y
I = 500 − 20r
M = 0.5Y − 100r,  M = 1000
NX + 50(r − 5) = 0
```

బ్యాంకు రీసెర్చ్ ఉద్యోగి:
చివరి లైను ముందే పెట్టి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. నువ్వు వడ్డీని 5 దగ్గర కట్టేసి చేశావు. విదేశీ డబ్బు ఏ అడ్డూ లేకుండా వచ్చిపోతుంటేనే అది సరి. అప్పుడు వడ్డీ 5 మీద కాస్త లేవగానే డబ్బు వచ్చి పడుతుంది, రూపాయి బలపడుతుంది, పల్ప్ అన్న లాంటివాళ్ల ఎగుమతులు దెబ్బతింటాయి. ప్రభుత్వం పెంచిన 100కి నికర ఎగుమతులు సరిగ్గా 100 తగ్గి ఆదాయం 3000లోనే నిలుస్తుంది. బీకాం తమ్ముడూ, ఆ పరిస్థితిలో వడ్డీ మారదు కాబట్టి పెట్టుబడి 400 అలాగే ఉంటుంది. పోయేది ఎగుమతుల్లో.

ఇక్కడ మాత్రం వడ్డీ ఒక పాయింటు పెరిగితే వచ్చేది 50 మాత్రమే. మూడో లైను నుంచి r = 0.005Y − 10. నాలుగో లైనులో NX = −50(r − 5). రెండూ ఆదాయ సమీకరణంలో పెడితే 0.75Y = 2350, అంటే Y 3133, వడ్డీ 5.67, NX మైనస్ 33. గైడ్ అంకె కరెక్ట్.

తిరుపతి ఎంఏ స్టూడెంట్:
వచ్చింది సార్, 3133! మరి రూపాయి ఎందుకు బలహీనపడాలి? వడ్డీ పెరిగి డబ్బు లోపలికి వస్తోంది కదా.

బ్యాంకు రీసెర్చ్ ఉద్యోగి:
అది దిగుమతుల మీద ఆధారపడుతుంది. ఆదాయం 133 పెరిగింది. పెరిగిన ప్రతి వందలో 10 దిగుమతులకు పోతే వాటివల్ల NX 13 తగ్గుతుంది. తగ్గాల్సింది 33, మిగతా 20 తగ్గాలంటే రూపాయి బలపడాలి. వందలో 40 పోతే దిగుమతులే 53 పెరుగుతాయి, వచ్చిన విదేశీ డబ్బు 33 దానికి చాలదు, రూపాయి పడిపోతుంది. నువ్వు పెట్టిన నాలుగు లైన్లలో దిగుమతుల వాటా ఎక్కడా లేదు. అది లేకుండా గైడ్ ఎలా తేల్చిందో నాకు అర్థం కాలేదు.

బీకాం ఫైనల్:
కానీ ఇక్కడ వడ్డీ 5.67 అయ్యింది కదా, పెట్టుబడి తగ్గింది కదా?

బ్యాంకు రీసెర్చ్ ఉద్యోగి:
తగ్గింది, 13. ఈ కేసులో నీ మాట కొంతవరకు నిజం.

రెండో భాగంలో వ్యయం 500 దగ్గరే ఉంచి ద్రవ్య సరఫరా 1100 చేయమని అడిగితే ఈ గందరగోళం ఉండదు. వడ్డీ 4.47కి దిగుతుంది, డబ్బు బయటికి పోతుంది, ఆదాయం పెరిగి దిగుమతులూ పెరుగుతాయి. రెండూ రూపాయిని కిందికే లాగుతాయి, వాటా ఎంతైనా సరే. ఆదాయం 3093. డబ్బుకు అడ్డు లేకపోతే 3200 దాకా పోయేది.

రిటైర్డ్ లెక్చరర్, చిత్తూరు:
అమెరికాలో 1980ల మొదట్లో లోటు పెరిగింది, ద్రవ్యం బిగించారు, డాలరు 1985 దాకా ఎగబాకింది. అక్కడికైతే ఈ నమూనా సరిపోతుంది. మనకు కాదనే నా మాట.

మామిడి పల్ప్ వ్యాపారం:
నా ప్రశ్నకు జవాబు రాలేదు సార్.

తిరుపతి ఎంఏ స్టూడెంట్:
దిగుమతుల వాటా ముందు పేజీలో ఉందేమో, ఆ జిరాక్స్ ఫ్రెండ్ దగ్గర ఉంది. థ్యాంక్స్ సార్, రెండో భాగం చేసుకుంటా.