ఓమ్స్ సరిగ్గా ఉంటే స్టేటర్ బాగున్నట్టేనా?

ఖమ్మం రైడర్: కొత్త బ్యాటరీ వేసినా వారం తిరక్కుండా డౌన్ అవుతోంది. మెకానిక్ రెక్టిఫయర్ మార్చమంటున్నాడు. స్టేటర్ మూడు పసుపు వైర్లూ ఓమ్స్‌లో చూశాను, ఏ జత చూసినా 0.6. బాడీకి కంటిన్యుటీ లేదు. స్టేటర్ బాగున్నట్టేనా?

పసుపు వైరు: బాగున్నట్టే. రెక్టిఫయర్‌ని డయోడ్ మోడ్‌లో చూడండి. ఒకవైపు 0.5 దాకా, తిప్పి పెడితే OL వస్తే అదీ మంచిదే. ఇక మిగిలింది వైరింగే.

వైండింగ్ షాపు: రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తాకించి చూడండి బాబూ, మీటరే 0.3 చూపిస్తుంది. అంటే మీ కాయిల్ 0.3 మాత్రమే. అందులో నాలుగైదు చుట్లు షార్టయినా ఈ మీటరు పట్టుకోలేదు. బాడీకి కంటిన్యుటీ వస్తే స్టేటర్ పోయినట్టే, రాకపోతే మాత్రం బాగున్నట్టని కాదు. ముందు ఇంజిన్ 5000 ఆర్‌పీఎమ్‌లో ఉంచి బ్యాటరీ దగ్గర డీసీ చూడండి, 14 చుట్టుపక్కల రావాలి. రాకపోతే ఇంజిన్ ఆపి స్టేటర్ కనెక్టర్ ఊడదీసి, మళ్ళీ స్టార్ట్ చేసి అదే రేసులో జత జతకీ ఏసీ ఓల్టేజీ చూడండి. చాలా బళ్ళలో 50 పైనే వస్తుంది, పిన్నులకు చెయ్యి తగలనివ్వకండి. అసలు అంకె కంటే మూడూ సమానంగా ఉన్నాయా అన్నదే ముఖ్యం.

పసుపు వైరు: మరి డయోడ్ టెస్ట్ దండగా?

వైండింగ్ షాపు: దండగ కాదు, సగం పనే. డయోడ్లు బాగుండి రెగ్యులేటర్ భాగం పోయిన పీసుతో 15 దాటి ఛార్జింగ్ అయి, యాసిడ్ బ్యాటరీ ఉడికిపోతుంది.

స్కూటర్ అక్క: నాదీ ఇదే బాధ! రాత్రి పార్క్ చేస్తే పొద్దున సెల్ఫ్ తిరగదు. స్టేటర్ ఎంతవుతుంది?

వైండింగ్ షాపు: అమ్మా, మీది వేరే కథ. ఆగిన బండికి స్టేటర్‌తో పనేముంది? తాళం తీసేసి, నెగటివ్ వైరు విప్పి, మీటరు 10 ఆంప్స్‌లో ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్య పెట్టించండి. సెల్ఫ్ మాత్రం నొక్కకండి, ఫ్యూజు పోతుంది. ఒకాయన బండిలో 180 మిల్లీఆంప్స్ పోతోంది, జీపీఎస్ ట్రాకర్ పీకితే ఆగింది. ఆ లెక్కన 5 ఏహెచ్ బ్యాటరీ రోజు తిరిగేసరికి దాదాపు ఖాళీ.

ఖమ్మం రైడర్: చూశాను అన్నా. 5000 దగ్గర బ్యాటరీకి 12.7 మించట్లేదు. వైర్లకు టేపు కట్టి నంబర్లు వేశాను. ఏసీ ఒకటి-రెండు 54, రెండు-మూడు 33, ఒకటి-మూడు 34.

వైండింగ్ షాపు: తక్కువొచ్చిన రెండు జతల్లోనూ మూడో వైరుంది చూడండి. ఆ ఫేజ్‌లోనే చుట్లు షార్టయ్యాయి. రెక్టిఫయర్ మారిస్తే డబ్బులు పోవడం తప్ప ఈ లెక్క మారదు.

పసుపు వైరు: ఒప్పుకున్నా. కానీ స్టేటర్ ఒక్కటే మారిస్తే పాత రెక్టిఫయర్ కొత్తదాన్నీ కాల్చేయదా? నేనైతే రెండూ మారుస్తా.

వైండింగ్ షాపు: కనెక్టర్ పిన్నులు నల్లబడకుండా, డయోడ్ టెస్ట్ సరిగ్గా వచ్చి, రీవైండింగ్ తర్వాత 14 దగ్గరే నిలబడితే పాతదే ఉంచుతాను.

పసుపు వైరు: చల్లటి బండి మీద 14 నిలబడితే సరిపోదు గురువుగారూ, అరగంట నడిపి వేడెక్కాక చూడాలి. కొన్ని రెక్టిఫయర్లు అప్పుడే మొరాయిస్తాయి.

ఖమ్మం రైడర్: రీవైండింగా, కొత్తదా? కాపర్ తేడా ఉంటుందంటున్నారు.